శుభలేఖ వెంట వెళ్ళే సొంత ఉత్తరం: పెండ్లి పెట్టుకున్న ఇంటి పిల్లవాడికి

పెండ్లి పత్రిక ఊరందరి కోసం అచ్చు వేయించేది. దాయాదులు, ఊరి పెద్దలు, నాయన సావాసగాళ్ళు, బ్యాంకు మేనేజరు, చెనక్కాయలు కొనే వ్యాపారి, ఎవరి చేతికి పోయినా ఒకే మాట చెప్పాలి కాబట్టి అందులోని వాక్యం ఎవరినీ వరుస పెట్టి పిలవదు. ఆ పనికి ఆ వాక్యం సరిగ్గా సరిపోతుంది. చిక్కు వచ్చేది అదే వాక్యాన్ని మేనత్తకూ మేనమామకూ చిన్నమ్మకూ వాట్సాప్‌లో పంపినప్పుడే. అనంతపురం వైపు ఇండ్లలో ఒకప్పుడు దగ్గరివాళ్ళను పిలవాలంటే పసుపు రాసిన పత్రిక పట్టుకుని ఇంటికి పోయి, బొట్టు పెట్టి, నోటితో చెప్పేవాళ్ళు. పిలుపు ఆ నోటి మాటలోనే ఉండేది, కాగితం గుర్తు కోసం. వానలు నమ్ముకోలేక బెంగళూరుకు చేరిన చుట్టాలు ఇప్పుడు ప్రతి వంశంలోనూ ఉన్నారు. అందరి గుమ్మాలకూ పోయి బొట్టు పెట్టడం కుదరదు. అలా కుదరని చోట నోటి మాటకు బదులు పోయేదే ఈ చిన్న ఉత్తరం. పత్రికలోని వాక్యాన్ని తేలిక తెలుగులోకి మార్చినంత మాత్రాన అది తయారు కాదు. ఆ వాక్యంలో ఒక్కో మాట ఏ పని చేస్తున్నదో చూసి, ఆ పనిని ఈ ఒక్క చుట్టానికి ఎలా చేయాలో తేల్చుకుని రాయాలి.

ముందు అచ్చులో ఉండే వాక్యాన్ని పూర్తిగా చూడాలి. ధర్మవరం దగ్గరి ఒక పల్లెలో ఆడపిల్ల పెండ్లి అనుకుంటే, పై వరుసలో శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అనే మూడు మాటలు, సీతారాముల తలంబ్రాల శ్లోకం, ఇంటి దేవుడు కదిరి నరసింహస్వామి పేరో కసాపురం ఆంజనేయస్వామి పేరో అయినాక, వాక్యం సుమారుగా ఇలా నడుస్తుంది:

"స్వస్తిశ్రీ చాంద్రమాన శ్రీ క్రోధి నామ సంవత్సర మాఘ బహుళ తదియ శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం గం. 3-20 ని.లకు ఉత్తర నక్షత్రయుక్త ధనుర్లగ్నమందు మా జ్యేష్ఠ పుత్రిక చి.ల.సౌ. … ను … వాస్తవ్యులు … గారి ద్వితీయ కుమారుడు చి. … కు ఇచ్చి వివాహము జరిపించుటకు దైవజ్ఞులు సుముహూర్తము నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరించి మమ్ములను ఆనందింపజేయ ప్రార్థన."

గిడుగు రామమూర్తి కాలం నుంచి సాగిన పోరాటం తర్వాత పాఠ్యపుస్తకాలూ పత్రికలూ వ్యావహారికానికి మారాయి. పెండ్లి పత్రిక మాత్రం "జరిపించుటకు", "కావున", "తామెల్లరు" దగ్గరే నిలిచిపోయింది. అందులో వెక్కిరించవలసింది లేదు. ముహూర్తాన్ని సంవత్సరం నుంచి లగ్నం దాకా చెప్పడం ఒక రికార్డు, ఇంటి బీరువాలో దాచుకునే కాగితానికి ఆ నిండుదనం ఉండాలి. కాబట్టి అచ్చు పత్రికను మార్చడానికి ఇంట్లో పెద్దలతో పోట్లాడనక్కరలేదు. దాని ఫొటో ఎట్లాగూ ఉత్తరం వెనకే పోతుంది. సంవత్సరం, తిథి, నక్షత్రం, లగ్నం, వంశాల పేర్లు అందులో ఉన్నాయి కాబట్టి ఉత్తరం ఆ బరువు మోయనక్కరలేదు. ఇంతవరకు పని తేలిక.

తేలిక కానిది ముహూర్తం వేళ. పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది, ఫోన్‌లోని క్యాలెండరు అర్ధరాత్రి మారుతుంది. పై వాక్యంలోని 3-20 పంచాంగానికి ఇంకా శుక్రవారమే, ఫోన్‌కు మాత్రం 2025 ఫిబ్రవరి 15, శనివారం. పత్రికలో "రాత్రి తెల్లవారితే" అని రాసేది ఈ గొడవ రాకుండానే. ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఆ మాట చదవగానే అర్థమవుతుంది. బెంగళూరులో పుట్టిపెరిగిన పిల్లలు దాన్ని చదవరు, తారీఖు మాత్రమే చూస్తారు. "15వ తేదీ 3-20" అని కనిపిస్తే శనివారం మధ్యాహ్నం అనుకుని, పొద్దున బయల్దేరి, తాళి కట్టి పది గంటలు అయిపోయినాక దిగుతారు. "14వ తేదీ రాత్రి 3-20" అని రాసినా ఇంకో తప్పు జరుగుతుంది. 13 రాత్రి దాటాక వచ్చే 3-20 అని లెక్కేసి ఒకరోజు ముందే వచ్చేవాళ్ళుంటారు. అందుకని సొంత ఉత్తరంలో ముహూర్తం కన్నా ముందు, చుట్టం ఇంట్లో అడుగు పెట్టవలసిన వేళ రాయాలి: "శుక్రవారం మధ్యాహ్నానికి ఇంట్లో ఉండల్ల." ఆ తర్వాత ముహూర్తం రాస్తే, అది ఏ రాత్రిదో చెప్పకనే తెలుస్తుంది. ఈ ఒక్క మార్పుతో ఉత్తరం స్వరం కూడా మారుతుంది. పత్రిక కార్యక్రమం ఎప్పుడో చెబుతుంది, ఉత్తరం మనిషి కోసం ఎప్పటి నుంచి ఎదురుచూస్తారో చెబుతుంది.

"సకుటుంబ సపరివార సమేతముగా" అన్న మాట చేసే పని ఎవరినీ వదలకపోవడం. ఉత్తరంలో ఆ పని చేయాలంటే పేర్లు రాయాలి, లేదా ఇంట్లో పిలుచుకునే వరుసలు రాయాలి. "మామ, పాప, చిన్నోడు అందరూ రావల్ల" అంటే సరిపోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పేర్లు రాయడం మొదలుపెట్టినాక ఒక్కరిని మరిచిపోయినా అది మరపుగా మిగలదు, కావాలని వదిలేసినట్టు అవుతుంది. ఆ ఇంట్లో ఉండే ముసలి అత్తగారు, కొత్తగా వచ్చిన కోడలు, చదువు కోసం అక్కడే ఉంటున్న మేనల్లుడు ఈ ముగ్గురే ఎక్కువగా జారిపోయేది. రాసేముందు అవ్వనో జేజినో అడిగితే ఆ ఇంట్లో ఎవరెవరున్నారో వేళ్ళ మీద చెబుతుంది.

"మదర్పిత చందన తాంబూలాది సత్కారములు" అన్నది ఆతిథ్యం మాట. మదర్పిత అంటే నేను సమర్పించే అని అర్థం, చదివేవాళ్ళలో చాలామంది అది దాటేసి పోతారు. దగ్గరి చుట్టానికి ఆతిథ్యం అంటే తాంబూలం కాదు. ఎక్కడ పడుకోవాలి, స్నానానికి నీళ్ళుంటాయా, పిల్లలకు ముహూర్తం దాకా ఆకలి కాకుండా ఏముంటుంది, ఇవీ వాళ్ళు అడగకుండా అనుకునే మాటలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడే సీమ ఇది. పెండ్లింట్లో నీళ్ళ ట్యాంకరు ఎన్నిసార్లు వస్తుందన్నది కూడా లెక్కే. "మిద్దె మీద గది మీకే, నీళ్ళకు ఇబ్బంది లేకుండా చూసినాం" అన్న ఒక్క వాక్యం చందన తాంబూలాలకు అసలైన తర్జుమా. ఓళిగల మాట, పప్పు మాట, పొద్దున ఉగ్గాని మాట రాయాలనిపిస్తే ఒకటి రాయవచ్చు. వంటల జాబితా రాస్తే కేటరింగు వాళ్ళ కాగితంలా కనిపిస్తుంది.

అన్నిటికన్నా బరువైన మాట "వధూవరులను ఆశీర్వదించి". వెయ్యి మందిని పిలిచినప్పుడు వాళ్ళకు చెప్పగలిగిన పని అదొక్కటే: అక్షింతలు వేసి, భోంచేసి పొమ్మనడం. మేనత్త, మేనమామ, పెద్దమ్మ పని అది కాదు. పెండ్లిలో వాళ్ళ చేతుల మీదుగా జరగవలసినవి ఉంటాయి. నలుగు పెట్టేది ఒకరు, పెండ్లికూతుర్ని పీటల దగ్గరికి తెచ్చేది ఒకరు, హారతి పట్టేది ఒకరు. ఇంటింటికీ ఈ పంపకం వేరే, కులానికీ ఊరికీ మారుతుంది కాబట్టి ఎవరిది ఏదో ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకోవాలి. ఉత్తరం గుండెకాయ ఇదే వాక్యం. "మీ ఆశీస్సులు కావాలి" అని చదివిన మేనత్త సంతోషిస్తుంది, సెలవు దొరకకపోతే ఇంట్లోనే ఉండి దీవిస్తుంది. "నలుగు పెట్టేది నువ్వే" అని చదివిన మేనత్త సెలవు అడగడానికి పోతుంది.

ఒక ఉత్తరాన్ని మొదటి నుంచి చివరి దాకా రాసి చూస్తే ఈ మాటలన్నీ తేలుతాయి. పెండ్లికూతురి తమ్ముడు రాస్తున్నాడు, మేనత్తకు. ఆమె బెంగళూరులో గార్మెంట్స్‌లో పనిచేస్తుంది. మామ ఆటో నడుపుతాడు. వాళ్ళ పాపకు మార్చిలో పరీక్షలు. జేజి, అంటే అత్తకు తల్లి, పల్లెలోనే ఉంది. కుర్రవాళ్ళు ఇలాంటి చోట మొదట రాసేది దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది:

"ప్రియమైన అత్తయ్య గారికి నమస్కారములు. మా అక్కయ్య వివాహ మహోత్సవానికి మీరు కుటుంబ సమేతంగా విచ్చేసి నూతన వధూవరులను ఆశీర్వదించగలరని మనవి. మీ రాకే మాకు పండుగ. మీ ఆశీస్సులే మాకు శ్రీరామరక్ష. తప్పక రాగలరు."

ఇందులో గ్రాంథికం తగ్గింది, దగ్గరితనం పెరగలేదు. "మీ రాకే మాకు పండుగ" అన్నది పత్రిక వాక్యం కన్నా పాతబడిపోయింది. పత్రిక మాట కనీసం శాస్త్రానికి కట్టుబడింది, ఇది ఫ్లెక్సీ బ్యానర్ల నుంచి దిగినది. ఒక పరీక్ష పెట్టి చూస్తే తేలిపోతుంది. పైనున్న వరుస తీసేసి ఈ మాటల్నే ఎమ్మెల్యేకు పంపవచ్చు, పాత హెడ్మాస్టరుకూ పంపవచ్చు. ఎవరికైనా పంపదగిన వాక్యం మేనత్తకు పంపదగిన వాక్యం కాదు. పుట్టినప్పటి నుంచి "నువ్వు" అని పిలిచిన మనిషిని "అత్తయ్య గారు", "మీరు", "మనవి" అన్నప్పుడు ఆమెకు మర్యాద కనపడదు, దూరం కనపడుతుంది. ఏదో మనసులో పెట్టుకున్నారేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు.

అదే పిల్లవాడు, అదే అత్తకు, పైన చెప్పినవన్నీ చూసుకుని రాస్తే:

"అత్తా, అక్క పెండ్లి ఖాయమైంది. ఫిబ్రవరి 14 శుక్రవారం మధ్యాహ్నానికంతా నువ్వు ఇంట్లో ఉండల్ల. మాపటేళ అక్కకు నలుగు పెట్టేది నువ్వే అని జేజి అప్పుడే చెప్పేసింది, ఇంకెవరి చేతా పెట్టనీదంట. ముహూర్తం ఆ రాత్రే, తెల్లవారుజామున 3-20కి, ధర్మవరంలో కల్యాణ మండపంలో. శుక్రవారం, శనివారం రెండు రోజులకు సెలవు చెప్పుకో. శనివారం మధ్యాహ్నం తిని బయల్దేరితే రాత్రికి బెంగళూరు చేరతారు, ఆదివారం నీకు రెస్టు. మామ, పాప, చిన్నోడు అందరూ రావల్ల. పాపను పుస్తకాలు తెచ్చుకోమను, మిద్దె మీద గది దానికే పెట్టినాం, ఎవరూ కదిలించరు. నాయన పెండ్లికి నువ్వు కట్టుకున్న మామిడిపిందెల పట్టుచీర ఇంకా ఉంటే అదే కట్టుకో అని అక్క అడుగుతాంది. ఏ రైలో చెబితే ధర్మవరం స్టేషనుకు నేనే బండి తెస్తా. నీ మేనల్లుడు."

వాక్యాలు చిన్నవి, ఒక్కటి కూడా అలంకారం కోసం రాలేదు. రెండు రోజుల సెలవు అని తెగేసి చెప్పడం చాలా అవసరం. గార్మెంట్స్‌లో సెలవంటే జీతం కోత కావచ్చు, ఎన్ని రోజులు కావాలో తెలియకపోతే ఆమె ఒక్కరోజే అడుగుతుంది, అప్పుడు శుక్రవారం సాయంత్రం నలుగుకు అందదు. పాప పుస్తకాల మాట ముందే ఎత్తడం వల్ల "పాపకు చదువుంది, ఈసారికి నేనొక్కదాన్నే వస్తా" అన్న జవాబుకు చోటు మిగలదు. చీర మాట రెండు పనులు చేస్తుంది. పాత ధర్మవరం చీర గుర్తుండటం ప్రేమ, కొత్త చీర కొనక్కరలేదని చెప్పకుండా చెప్పడం మర్యాద. "ఖర్చు పెట్టుకోవద్దు" అని నేరుగా రాసి ఉంటే ఆమె చేతిలో డబ్బు లేదని తెలిసినట్టు అయ్యేది.

అయితే ఈ చీర ఎత్తు మేనమామ దగ్గర పనిచేయదు. మేనమామ పెట్టే చీర చాలా ఇండ్లలో ఆయన హక్కు. చెనక్కాయ పంట దెబ్బతిని, బోరు ఎండిన ఏడాది ఆయన ఇబ్బందిలో ఉన్నాడని తెలిసి, దయతో "మామా, ఏమీ తేవద్దు, నువ్వు వస్తే చాలు" అని రాసేవాళ్ళుంటారు. అది చదివిన మేనమామ తన స్థానం పోయిందనుకుంటాడు. కొందరు అప్పు చేసి రెండింతలు తెస్తారు, కొందరు అసలు రారు. చదివింపుల పుస్తకంలో తమ ఇంటికి ఎంత వచ్చిందో గుర్తుంచుకుని, అంత తిరిగి పెట్టలేక ముఖం చాటేసే చుట్టాలు కరువు సీమలో కొత్త కాదు. ఇలాంటి చోట ఉత్తరంలో డబ్బు ఊసే రాకూడదు, వద్దనే రూపంలో కూడా. డబ్బుతో పని లేని బాధ్యత ఒకటి ఆయన పేర రాయాలి: "మామా, గురువారమే రావల్ల. చప్పరం వేసేటప్పుడు నువ్వు దగ్గరుండకపోతే నాయనకు కాలూ చేయీ ఆడదు. అక్కను పీటల దగ్గరికి తెచ్చేది నువ్వు." చీర సంగతి ఆయనకు వదిలేయాలి. వాళ్ళ ఊరికీ ఈ ఊరికీ మధ్య నడిచే మనిషి ఎవరైనా ఉంటే, ఇంట్లో ఆడవాళ్ళు ఆ మాట నోటితో చక్కబెడతారు, రాతలో పెట్టరు.

మాట పడిన చుట్టానికి రాసే ఉత్తరం ఇంకా కురచగా ఉండాలి. గట్టు దగ్గరో బోరు నీళ్ళ వంతు దగ్గరో నాయనకూ పెద్దనాయనకూ మాటలు ఆగిపోయిన ఇండ్లు ఉంటాయి. అక్కడ ఫోన్‌లో పిలవడమే తప్పు. పాత గొడవ ఎత్తి సర్దిచెప్పబోతే అది మళ్ళీ రాజుకుంటుంది. ఏమీ జరగనట్టు పొడుగ్గా ప్రేమ రాస్తే నాటకంగా కనిపిస్తుంది. ఉత్తరం చేయగలిగింది తలుపు దగ్గరికి దారి చేయడం మాత్రమే: "పెద్దనాయనా, అక్కకు పెండ్లి కుదిరింది. ఆదివారం పొద్దున నాయనా నేనూ మీ ఇంటికి వస్తాం. దేవుని దగ్గర పెట్టినాక మొదటి పత్రిక నీకే." దీనికి జవాబు రాకపోయినా ఆదివారం పోవలసిందే. ఈ ఉత్తరానికి పత్రిక ఫొటో జత చేయకూడదు. చేతికి ఇవ్వవలసిన దాన్ని ముందే ఫోన్‌లో చూపిస్తే ఆదివారం ప్రయాణానికి అర్థం మిగలదు.

కొన్ని మాటలు అచ్చులో ఎవరినీ గుచ్చవు, సొంత ఉత్తరంలో గుచ్చుతాయి. "ముత్తైదువలందరూ వచ్చి" అన్నది అలాంటిది. భర్త పోయిన చిన్నమ్మకు అది పంపితే, రావద్దని చెప్పినట్టే ఆమె చదువుకుంటుంది. ఆమె ఉత్తరంలో ఆ మాట లేకపోవడం ఒక్కటే చాలదు, ఆమెకూ ఒక పని రాసి ఉండాలి. ఆ పని వంటింటి వెనకది కాకూడదు, తాళి కట్టే వేళ అందరి మధ్యా ఉండేది కావాలి. ఇంట్లో పెద్దలు దీనికి ఒప్పుకుంటారా అన్నది ముందే తేల్చుకుని రాయాలి. రాసినాక వెనక్కి తగ్గడం రాయకపోవడం కన్నా ఎక్కువ బాధపెడుతుంది. అలాగే ఏడాది లోపల మనిషి పోయిన ఇంటికి పంపేటప్పుడు మొదటి వాక్యం పెండ్లి గురించి కాకుండా పోయిన మనిషి గురించి ఉండాలి: "అబ్బ ఉంటే ఈ పత్రిక ఆయన చేతికే ఇచ్చి ఉందుము" అన్నంత చాలు, ఆ తర్వాత మామూలుగా సాగవచ్చు. వాళ్ళు ఎప్పుడు శుభకార్యాలకు రావచ్చునో వాళ్ళ ఇంటి పద్ధతి వాళ్ళకుంటుంది, "తప్పక రావాలి" అని ఒత్తిడి చేయకూడదు.

నువ్వు, మీరు అన్న చోట ఒకే నియమం పెట్టుకోవచ్చు: ఎదురుగా ఎలా పిలుస్తారో అలాగే రాయడం. అనంతపురం ఇండ్లలో అమ్మ, అవ్వ, అత్త, మేనమామ, చిన్నాయన చాలా చోట్ల "నువ్వు". అక్క మొగుడు, కాబోయే వియ్యంకులు "మీరు". ఉత్తరం నాయన పేరుతో పోవాలంటే వరుసలన్నీ నాయన వైపు నుంచి రాయాలి. కొడుకు టైపు చేస్తూ సగంలో "అత్తా" అనేస్తే, నాయన చెల్లెలిని నాయనే అత్త అన్నట్టు అవుతుంది. ఒకరికి రాసింది కాపీ చేసి ఇంకొకరికి పంపేటప్పుడు ఇలాంటి పొరపాటు ఇంకా సులభంగా దొర్లుతుంది: పైన "చిన్నమ్మా" అని మార్చి, కింద "నీ మేనల్లుడు" అని ఉంచేస్తారు. ఆ ఒక్క మాటతో ఇది అందరికీ పోయిన ఉత్తరమని చిన్నమ్మకు తెలిసిపోతుంది. పదిహేను ఇండ్లకు రాయవలసి వస్తే మూడు నాలుగు రోజులు తీసుకోవడం నయం. దూరపు వాళ్ళకు పత్రిక ఫొటో, రెండు మంచి మాటలు చాలు. అందరికీ సొంత ఉత్తరం రాయబోతే ఎవరికీ సొంతం కాదు.

యాస గురించి కుర్రవాళ్ళకు బిడియం ఉంటుంది. "రావల్ల", "ఉండల్ల", "అడుగుతాంది" అని రాస్తే చదువురాని రాతగా కనిపిస్తుందేమోనని "రావలెను", "అడుగుచున్నది" దగ్గరికి పరుగెత్తుతారు. సింగమనేని నారాయణ వంటి అనంతపురం కథకులు ఈ మాటలతోనే కథలు రాసి అచ్చు వేశారు. మేనత్తకు ఈ మాటల్లో అన్న గొంతు వినిపిస్తుంది. అయితే నోట రాని యాసను కొనితెచ్చుకోకూడదు. హైదరాబాదులో పెరిగిన పిల్ల "రావల్ల" అని రాస్తే అది సినిమా డైలాగు అవుతుంది, తన నోటికి వచ్చే "రావాలి" రాసుకుంటే సరిపోతుంది.

బళ్ళారిలోనూ పావగడలోనూ ఉన్న చుట్టాలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదువు మాత్రం కన్నడంలో సాగింది, తెలుగు అక్షరం చదవలేరు. వాళ్ళకు ఎంత బాగా రాసినా అది బొమ్మగానే మిగులుతుంది, పక్కింటివాళ్ళ చేత చదివించుకోవలసి వస్తుంది. ఆ ఉత్తరాన్ని గొంతుతో పంపాలి. కాగితం చూసి చదివితే ఆకాశవాణి వార్తల్లా ఉంటుంది కాబట్టి, రాసుకున్నది ఒకసారి చూసి, ఫోన్ పక్కన పెట్టి, ఎదురుగా మనిషి ఉన్నట్టు నిమిషం లోపల చెప్పాలి. తేదీ, వేళ, మండపం పేరు మాత్రం మళ్ళీ అంకెల్లో విడిగా పంపితే వెతుక్కునే పని ఉండదు. ధర్మవరం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, పాత చుట్టాలు ఇంకా అనంతపురం జిల్లా అనే అంటారు. మండపం చిరునామాలో ఊరి పేరు, స్టేషను నుంచి దూరం రాస్తే ఏ జిల్లా అని తికమకపడరు.

పంపే వరుస కూడా పిలుపులో భాగమే. ముందు దేవుని దగ్గర పత్రిక, తర్వాత ఊళ్ళో పెద్దల గడపలు, ఆ వెంటనే దగ్గరి వాళ్ళకు ఈ ఉత్తరాలు, వాటి వెనక పత్రిక ఫొటో, అన్నిటికన్నా చివర వాట్సాప్ గ్రూపు. ఈ వరుస తలకిందులై గ్రూపులో ముందు పత్రిక పడితే, ఆ తర్వాత ఎంత ప్రేమగా రాసినా "అందరితో పాటు చూసినాం లే" అన్న మాట వస్తుంది. మాఘంలో పెండ్లి అంటే చెనక్కాయలు ఇంటికి చేరి, చేతిలో కాస్త తీరిక ఉండే రోజులు. పల్లెల్లోని వాళ్ళకు మూడు వారాల ముందు చెప్పినా సరిపోతుంది. బెంగళూరులో సెలవు అడగవలసిన వాళ్ళకూ రైలు టికెట్టు తీయవలసిన వాళ్ళకూ నెలన్నర ముందే అందాలి. వీళ్ళ విషయంలో మాత్రం పత్రిక అచ్చు కాలేదని ఆగనక్కరలేదు, ముహూర్తం పెట్టిన మరునాడే ఉత్తరం పోవచ్చు.

ఉత్తరం పంపినాక రెండు మూడు రోజుల్లో ఫోన్ చేయాలి. నీలి టిక్కులు పడినంత మాత్రాన వస్తున్నట్టు కాదు. ఫోన్‌లో "వస్తారా, రారా" అని అడగకుండా "ఏ రైలుకు వస్తాండారు" అని అడిగితే, రాలేని కారణం ఏదైనా ఉంటే అప్పుడే బయటపడుతుంది, చక్కబెట్టడానికి ఇంకా రోజులుంటాయి. వచ్చేవాళ్ళ లెక్క ఆ ఫోన్‌లోనే తేలుతుంది, మిద్దె మీది గదులకూ ట్యాంకరుకూ వంటవాళ్ళకూ చెప్పవలసిన అంకె అదే.